మాల తీసిన మర్నాడు

అయ్యప్ప మాల వేసుకుని సిగరెట్ మానేసినవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఉంటారు. మాల తీసిన రోజే మళ్ళీ వెలిగించేది కూడా చాలావరకు వాళ్ళే. గుంటూరులో ఉండే మా బావ ఆరుసార్లు కొండకి వెళ్ళొచ్చాడు. రోజుకో పెట్టె ఖాళీ చేసే మనిషి, మాల మెడలో పడిన క్షణం నుంచి 41 రోజులు సిగరెట్ వంక చూసేవాడు కాదు. కొండ నుంచి తిరిగొచ్చి, గుళ్ళో గురుస్వామి చేత మాల తీయించుకుని, ఇంటికొచ్చే దారిలో బడ్డీకొట్టు దగ్గర బండి ఆపేవాడు. మా అక్క ఎర్రనీళ్ళు కలిపి పెట్టుకుని గుమ్మంలో ఎదురుచూసేది. ఈయన నోట్లో పొగతో వచ్చేవాడు.

"ఇన్నాళ్ళు ఎలా ఉన్నావు బావా, కష్టంగా లేదూ?" అని అడిగితే, "మాలలో ఉంటే అసలు గుర్తే రాదురా" అనేవాడు. చాలా ఏళ్ళు ఆ మాటని భక్తి కింద జమకట్టాను. నేను మానేద్దామనుకున్నప్పుడు కూర్చుని ఆలోచిస్తే, మొత్తం విషయం ఆ మాటలోనే ఉందనిపించింది.

నికోటిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు. రెండు మూడు రోజుల్లో దాదాపు అంతా పోతుంది. చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం ఆ మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ. మూడు నాలుగు వారాలకి బాగా తగ్గిపోతాయి. అంటే మాల తీసే నాటికి ఒంటి గొడవ చాలావరకు తీరిపోయినట్టే. మరి 41వ రోజున బడ్డీకొట్టు దగ్గర బండి ఆపింది ఎవరు?

ఇజ్రాయెల్‌లో సిగరెట్ తాగే విమాన సిబ్బంది మీద చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. యూరప్‌కి నాలుగైదు గంటల ప్రయాణం, న్యూయార్క్‌కి పది గంటలు దాటిన ప్రయాణం, రెండింటిలోనూ వాళ్ళకి సిగరెట్ మీద ఎప్పుడెప్పుడు మనసు పోతోందో అడుగుతూ వచ్చారు. చివరి సిగరెట్ తాగి ఎంతసేపైంది అన్నదానికంటే, విమానం దిగడానికి ఎంతసేపుంది అన్నదే లెక్కలోకొచ్చింది. చిన్న ప్రయాణం చివర కలిగిన కోరిక, అంతే సేపు గడిచిన పెద్ద ప్రయాణం మధ్యలో లేదు. వీలు లేదని తెలిసినంతసేపు మనసు అడగదు, వీలవుతుందని తెలియగానే అడుగుతుంది.

మా బావకి మాల ఒక పెద్ద విమానం. దిగే తేదీ టికెట్ మీదే ఉంది.

మాలలో ఉన్నవాళ్ళని చూస్తే ఇది తెలిసిపోతుంది. 35వ రోజు దాకా ఎవరూ రోజులు లెక్కపెట్టరు. ఆ తరవాత "ఇంకో ఆరు రోజులు స్వామీ" అని నవ్వులు మొదలవుతాయి. మాల తీశాక మొదట ఏం తినాలో, ఎవరింట్లో కూర్చోవాలో పథకాలు పడతాయి. చికెన్ గురించైతే ఇబ్బంది లేదు, అది తిరిగి వచ్చేదే. ఆ జాబితాలోకి సిగరెట్ కూడా చేరిందంటే, మనిషి మానెయ్యలేదు, ఆపాడంతే.

నేనుండేది న్యూజెర్సీలో. నిరుడు అక్టోబరులో ఒక వారం పాటు తాగిన ప్రతి సిగరెట్టూ ఫోన్‌లో రాసుకున్నాను: టైము, చోటు, పక్కన ఎవరు. రోజుకి పన్నెండు పదమూడు తేలాయి. పొద్దున లేచిన పావుగంటకి కాఫీతో ఒకటి. ఆఫీసుకి కారులో రెండు. లంచ్ తరవాత పార్కింగ్‌లో ఒక నార్త్ ఇండియన్ కొలీగ్‌తో రెండు. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తూ బాల్కనీలో మూడు. మిగిలినవి లెక్కాజమా లేనివి. పొద్దున కాఫీ సిగరెట్ తప్ప ఒళ్ళు అడిగింది ఏదీ లేదు. కారు అడిగింది, పార్కింగ్ అడిగింది, మా అమ్మతో మాట్లాడేటప్పుడు ఖాళీగా ఉన్న ఎడమ చెయ్యి అడిగింది.

ఆ జాబితా పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. రోజుకి పది దాటి తాగేవాళ్ళకి నికోటిన్ పట్టీలు 21 మిల్లీగ్రాములవి ఆరు వారాలు, తరవాత 14వి రెండు వారాలు, 7వి రెండు వారాలు అని చెప్పింది. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగిస్తున్నాను కాబట్టి ఉన్నట్టుండి వచ్చే కోరికకి 4 మిల్లీగ్రాముల గమ్ కూడా. గుండె జబ్బున్నవాళ్ళూ, గర్భిణులూ అడక్కుండా వీటి జోలికి వెళ్ళకూడదని కూడా చెప్పింది. ఆరు వారాలంటే 42 రోజులు. కారెక్కి క్యాలెండర్ చూసుకుంటే నవ్వొచ్చింది. నవంబరు 16న మాల, డిసెంబరు 26కి 41 రోజులు. మాల తీసేశాక కూడా ఇంకొక్క పెద్ద పట్టీ మిగులుతుంది. 28 నుంచి 14వి, జనవరి 11 నుంచి 7వి, 24తో అన్నీ ఆఖరు. అంటే విమానం దిగే తేదీ ఒక్కటి కాదు, నాలుగు వారాల మీద పరుచుకుంది. నాకు కావలసింది అదే.

దీక్షలో పట్టీలు వేసుకోవచ్చా అని మా గురుస్వామిని అడిగాను. ఆయన ఇక్కడే ఒక ఫార్మా కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. "ఔషధం వేరు, వ్యసనం వేరు స్వామీ. షుగరు మాత్ర మానేసి మాల వేసుకోమని ఎవరైనా అంటారా?" అన్నారు. మన భాషలో ఔషధాన్నీ, సారానీ కూడా మందు అనే అంటాం కాబట్టి ఆయన మాట జాగ్రత్తగా ఎంచుకున్నారనుకుంటాను.

పట్టీకీ దీక్షకీ బాగానే కుదిరింది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి, ఒళ్ళు తుడుచుకుని, వెంట్రుకలు లేని చోట పైచేతి మీదో వీపు మీదో అంటించడం, రోజుకో చోటు మార్చడం. సాయంత్రం స్నానానికి తీయక్కర్లేదు. మొదటి రెండు రాత్రులు సినిమాల్లాంటి కలలొచ్చాయి. మూడో రోజు నుంచి పడుకునే ముందు పట్టీ తీసేశాను, తగ్గిపోయాయి. గమ్‌ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్ళొస్తాయి, కడుపులో మంట కూడా. నాలుగైదు సార్లు కొరికి, నాలుక మీద మిరియపు ఘాటు తగలగానే చెంపకీ చిగురుకీ మధ్య పెట్టి వదిలెయ్యాలి. ఘాటు తగ్గితే మళ్ళీ కొరకాలి. కాఫీ తాగిన పావుగంటలోపు పెట్టుకుంటే పని చెయ్యదు, నోట్లోని పులుపుకి నికోటిన్ ఒంటికి పట్టదు.

కాఫీ సంగతి ఇంకోటుంది. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. పొగ ఆపగానే ఆ వేగం తగ్గి, అదే రెండు కప్పుల కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం చూసి అంతా సిగరెట్ మానడం వల్లే అనుకుంటారు. నేను కాఫీ సగానికి తగ్గించాను.

ఇవన్నీ ఒంటి పనులు. మిగతాది మాల చూసుకుంది, అది నిజంగా గొప్ప పనిమంతురాలు. పార్కింగ్‌కి పిలిచిన కొలీగ్‌కి నల్లచొక్కా చూపిస్తే చాలు, ఇంకో మాట అడగలేదు. ఇంట్లో నా భార్యతో సహా అందరూ స్వామీ అంటుంటే, స్వామి బాల్కనీలో నిలబడి పొగ వదలడం ఎవరూ ఊహించరు, ఆ స్వామితో సహా. మన బదులు 'వద్దు' అని చెప్పే పని మాలది.

మాల తీసేశాక ఆ పని మనకొస్తుంది. అందుకని మాల వేసుకోకముందే, 42వ రోజుకి ఏమేం తిరిగొస్తాయో నా భార్యా నేనూ కూర్చుని కాగితం మీద రాశాం. మంచం, బూట్లు, గడ్డం గీసుకోవడం, ఉల్లిపాయ, చికెన్, సినిమాలు. సిగరెట్ అందులో రాయలేదు. తిరిగి రానివి రెండో వైపు రాశాం. తెల్లవారుజాము స్నానమూ దీపమూ అటువైపు వేసుకున్నాను, ఎందుకంటే మొదటి సిగరెట్ ఖాళీ చేసిన టైములో అవి కూర్చున్నాయి. అవి లేచిపోతే ఆ కుర్చీలోకి ఎవరొస్తారో తెలుసు. నీళ్ళు మాత్రం వేడివి. న్యూజెర్సీ జనవరిలో అంత భక్తి నాకు లేదు.

మాల తీసిన ఐదో రోజే డిసెంబరు 31. ఒక స్నేహితుడింట్లో పార్టీ, గరాజ్ తలుపు సగం ఎత్తి అందులో పొగరాయుళ్ళు. వెళ్ళకపోవచ్చు, కానీ ఎప్పటికైనా ఆ గరాజ్‌లోకి వెళ్ళాల్సిందే కదా. మద్యం ముట్టలేదు, ఇంటికి కారు నడిపే పని నేనే తీసుకున్నాను. రెండు పెగ్గులు పడ్డాక 'ఒక్కటే కదా' అనే గొంతు నమ్మశక్యంగా వినిపిస్తుంది. ఎవరో పెట్టె చాపారు. "మానేశాను" అన్నాను. "మానేద్దామనుకుంటున్నా" అని ఉంటే బతిమాలేవాళ్ళు. అయినా పదకొండున్నరకి గట్టిగా కోరిక పుట్టింది. వంటింట్లోకి వెళ్ళి, గమ్ చెంపన పెట్టుకుని, అక్కడివాళ్ళకి గారెలు వేసిచ్చాను. నాలుగైదు నిమిషాల్లో తగ్గింది, మళ్ళీ ఇంకోటొచ్చింది, అదీ తగ్గింది. రెండోది మొదటిదానికంటే చిన్నది.

ఆ తరవాత ఫిబ్రవరి అంతా తేలికగానే గడిచింది. కష్టం మళ్ళీ మార్చిలో వచ్చింది, ఒక రిలీజ్ రాత్రి రెండున్నరకి, పట్టీలన్నీ అయిపోయాక. కాలేజీ రోజుల నుంచీ రాత్రి మేలుకున్న ప్రతిసారీ చేతిలో సిగరెట్ ఉండేది, కానీ మాలలో ఉన్న 41 రోజుల్లో ఒక్క రాత్రి కూడా మేలుకోలేదు. దీక్షలో ఎదురుపడని సందర్భం దీక్ష తరవాత కొత్తగా ఎదురుపడుతుంది. అక్టోబరు వారం జాబితాలో అది లేదు, ఆ వారం రిలీజ్ లేదు కాబట్టి. ఆ రాత్రి 1-800-784-8669కి ఫోన్ చేశాను. మానేసేవాళ్ళ కోసం అమెరికాలో ఉన్న ఉచిత నంబరది. ఇండియాలో 1800-112-356. అవతలి మనిషి ప్రసంగం ఏమీ చెయ్యలేదు. బిల్డ్ అయ్యేదాకా బిల్డ్ గురించే మాట్లాడించింది.

వేసవిలో గుంటూరు వెళ్ళినప్పుడు బావ అలవాటుగా పెట్టె నా వైపు జరిపాడు. వద్దంటే, "ఏరా, మాల తీసి ఆర్నెల్లయింది కదా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. పట్టీలూ, కాగితం మీది జాబితా సంగతీ చెప్పాను. అంతా విని, ఈసారి ఏడోది, మందు కూడా కలిపి ఆపేస్తానన్నాడు. ఆయన ఇప్పుడు రోజూ రాత్రి క్వార్టరు దాకా తాగుతున్నాడు. అది మాత్రం సిగరెట్‌లా ఒక్కసారిగా ఆపేది కాదు. రోజూ బాగా తాగే ఒళ్ళు హఠాత్తుగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, కొందరికి ఫిట్స్, మతిభ్రమ దాకా వస్తాయి, ప్రాణం మీదికీ రావచ్చు. మాల వేసుకున్న రెండో రోజు స్వామికి పూనకం వచ్చిందని హారతులిచ్చిన సంగతి ఆయనే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. పూనకమో ఫిట్సో ఎవరు చూశారు?

కార్తీకానికి నెల ముందే డాక్టర్‌కి చూపించుకోమని అక్కతో చెప్పి వచ్చాను. పోయిన వారం ఫోన్ చేశాడు. డాక్టర్ మాత్రలు రాసిచ్చి, మద్యం నెమ్మదిగా తగ్గిస్తున్నాడట. సిగరెట్ల లెక్క ఒక వారం రాశాడట, ఇరవై రెండు తేలాయట. "అందులో పదకొండు ఆ బడ్డీకొట్టు దగ్గరేరా, వాడికి నెలకెంత కట్టానో లెక్కేస్తే మతిపోయింది" అన్నాడు. గుడి నుంచి ఇంటికి వేరే దారి ఏదైనా ఉందా అని అడిగాను. బ్రాడీపేట మీదుగా తిరిగి రావాలి, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది అన్నాడు.