ఫోన్‌లోంచి ఖాతా తీసేస్తే ఏం పోతుంది, ఏం ఉంటుంది?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒకటికి మించి గూగుల్ ఖాతాలు పెట్టుకోవచ్చు. జీమెయిల్ తెరిచి, పైన కుడి మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కితే ఖాతాలన్నీ వరుసగా కనిపిస్తాయి. కావలసినదాన్ని తాకితే పాస్‌వర్డ్ అడగకుండానే ఆ ఖాతా మెయిళ్లు వచ్చేస్తాయి. మొదటిసారి లాగిన్ అయినప్పుడు గూగుల్ సర్వర్ ఫోన్‌కు టోకెన్ అనే రహస్య సంకేతం ఇస్తుంది. ఫోన్ దాచుకునేది దాన్నే. ఖాతా మార్చినప్పుడు ఒక టోకెన్ పక్కన పెట్టి ఇంకొకటి చూపిస్తుంది, అంతే. పక్కన పెట్టిన ఖాతా లాగౌట్ కాదు. దాని మెయిళ్లకు నోటిఫికేషన్లు కూడా మామూలుగానే వస్తుంటాయి.

ఈ మార్పు ఆ ఒక్క యాప్‌కే పరిమితం. జీమెయిల్‌లో కూతురి ఖాతా తెరిచి ఉన్నా, ప్లే స్టోర్‌లో తండ్రి ఖాతాయే నడుస్తుండవచ్చు. డబ్బు పెట్టి యాప్ కొనేముందు అక్కడి బొమ్మ కూడా చూసుకోవడం మంచిది, ఎందుకంటే కొన్న యాప్ ఆ ఖాతా పేరు మీదే ఉండిపోతుంది.

ఖాతాను తీసేయడం వేరే సంగతి. సెట్టింగ్స్‌లో Remove account నొక్కితే ఆ ఖాతా మొత్తం ఫోన్ నుంచే పోతుంది. జీమెయిల్ ఒక్కదాంట్లోంచి తీద్దామనుకున్నా అన్ని గూగుల్ యాప్‌లలోంచీ పోవడం చాలామందికి ఎదురయ్యేదే.

ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేవి ఫోన్ నంబర్లు. తండ్రి ఫోన్‌లో కూతురు తన ఖాతా కూడా కలిపిందనుకుందాం. కొత్త నంబర్ సేవ్ చేసేటప్పుడు పైన ఏ ఖాతా ఉందో తండ్రి గమనించడు. పాలవాడి నంబరు, గ్యాస్ ఏజెన్సీ నంబరు కూతురి ఖాతాలోకి చేరిపోతాయి. ఆమె హాస్టల్‌కు వెళ్తూ ఖాతా తీసేయగానే అవి జాబితాలో కనిపించవు. తండ్రి ఖాతాలో, ఫోన్‌లో, సిమ్‌లో దాచినవి మాత్రం చెక్కుచెదరవు. పోయినట్టున్న నంబర్లు నిజానికి సర్వర్‌లో భద్రంగానే ఉంటాయి. కూతురు తన ఫోన్‌లో contacts.google.com తెరిస్తే కనిపిస్తాయి. సింక్ పూర్తికాకముందే ఖాతా తీసేస్తే మాత్రం ఆ హామీ లేదు.

కెమెరాతో తీసిన ఫోటోలు ఫోన్‌లోనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసిన యాప్‌లూ పోవు. వాట్సాప్ ఫోన్ నంబరుకు కట్టుబడినది కాబట్టి చాట్లకు ఏమీ కాదు. కాకపోతే డ్రైవ్‌లోకి వెళ్లే దాని బ్యాకప్ కూతురి ఖాతాకు పెట్టి ఉంటే అక్కడితో ఆగిపోతుంది. గూగుల్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఖాతాతోపాటే వెళ్తాయి.

అయితే కూతురు గూగుల్ ఖాతాతో ఏదైనా షాపింగ్ యాప్‌లోకి లాగిన్ అయి ఉంటే, అది అలాగే తెరిచి ఉంటుంది. ఆ యాప్ తన సొంత టోకెన్ విడిగా దాచుకుంటుంది మరి. ఫోన్ ఇంకొకరి చేతికి వెళ్లేటప్పుడు అలాంటి యాప్‌లను ఒక్కొక్కటిగా తెరిచి లాగౌట్ చేయాల్సిందే.