ఆ షాట్‌లో మీరు చేసిందేమిటి?

యానిమేషన్ స్టూడియోలో జూనియర్ ఉద్యోగానికి దరఖాస్తు వస్తే, సూపర్‌వైజర్ సాధారణంగా ముందు తెరిచేది రెజ్యూమెను కాదు, డెమో రీల్‌ను. అభ్యర్థి చేసిన మంచి షాట్లను వరసగా కూర్చిన చిన్న వీడియో అది. నచ్చితేనే రెజ్యూమె వైపు చూస్తారు. అప్పుడు ఆ కాగితం ముఖ్యంగా ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: రీల్‌లో కనిపించినదాంట్లో ఈ మనిషి చేసిందెంత?

ఈ ప్రశ్న ఊరికే రాదు. త్రీడీలో ఒక్క షాట్ వెనక చాలామంది ఉంటారు. బొమ్మను మలిచేది మోడలర్. దానికి ఎముకలు, కీళ్లు అమర్చి కదిలేలా చేసేది రిగ్గర్. కదిలించి నటింపజేసేది యానిమేటర్. వెలుగునీడలు లైటింగ్ వాళ్ల పని. షార్ట్ ఫిల్మ్ పేరు రాసి పక్కన ‘యానిమేటర్’ అని ఊరుకుంటే ఇందులో ఏది మీదో తెలియదు.

కోర్సు అప్పుడే పూర్తిచేసిన ఒక అమ్మాయి హైదరాబాద్‌లోని ఓ స్టూడియోకు దరఖాస్తు పెడుతోందనుకుందాం. మొదట ఆమె ఇలా రాసుకుంది: ‘షార్ట్ ఫిల్మ్ ప్రాజెక్ట్, యానిమేటర్. మాయా, బ్లెండర్, ఫోటోషాప్ వాడాను.’ అందులో అబద్ధం లేదు, కానీ ఉపయోగమూ లేదు. తిరగరాస్తే ఇలా వచ్చింది: ‘రెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్, నలుగురి టీమ్. ఆరు షాట్లలో క్యారెక్టర్ యానిమేషన్ బ్లాకింగ్ నుంచి పాలిష్ దాకా నాది, మాయాలో చేశాను. మోడలింగ్, రిగ్గింగ్, లైటింగ్ మిగతా ముగ్గురివి.’ ముఖ్యమైన భంగిమలను ముందుగా నిలబెట్టుకోవడం బ్లాకింగ్, చివర్లో వేలి కొసల దాకా సరిచేయడం పాలిష్. తనది కానిదేదో చెప్పడం వల్ల ఆమె పని తగ్గిపోలేదు, తేటగా కనిపించింది.

రీల్‌కు జతగా షాట్ బ్రేక్‌డౌన్ కూడా ఇవ్వాలి. ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఏముందో, అందులో మీ పనేమిటో చెప్పే చిన్న పట్టిక అది. ఆమె రాసిన మొదటి వరస: ‘0:00–0:08. బస్తా ఎత్తుకునే హమాలీ. యానిమేషన్ మొత్తం నాది. రిగ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికింది.’ తయారుచేసినవారి పేరు కూడా పక్కన రాసింది. ఉచిత రిగ్ వాడటం చిన్నతనమేమీ కాదు. చాలామంది వాడే రిగ్‌లను సూపర్‌వైజర్లు చూడగానే పోల్చుకుంటారు కాబట్టి, దాచిపెడితేనే అనుమానం.

సెకనుకు 24 ఫ్రేమ్‌ల లెక్కన ఆ ఎనిమిది సెకన్లంటే 192 ఫ్రేములు. చూసేవాళ్లు వీడియో ఆపి ఒక్కో ఫ్రేమే జరుపుకుంటూ వెళ్లగలరు. బస్తా లేచేముందు హమాలీ నడుము కిందికి దిగిందా? బరువు భుజం మీదికి రాగానే ఒళ్లు అటు ఒరిగి, కాళ్లు సర్దుకున్నాయా? నేల మీద ఆనిన పాదం జారుతోందా? ఇవి తప్పితే బస్తాలో ధాన్యం కాదు, దూది ఉన్నట్టుంటుంది. రెజ్యూమెలో ‘బాడీ మెకానిక్స్’ నైపుణ్యమని రాసుకుంటే, రుజువు చేయాల్సింది ఇలాంటి షాటే. అందుకే ఆమె దాన్ని మొట్టమొదట పెట్టింది. కుదరని లిప్‌సింక్ షాట్‌ను తీసేసి, నైపుణ్యాల్లోంచి ఆ మాటనూ తొలగించింది. రీల్ నిమిషంలోపే ముగిసింది. ఫ్రెషర్‌కు అది చాలు.

సాఫ్ట్‌వేర్ల పక్కన ‘మాయా 90 శాతం’ అంటూ గీసే రంగు పట్టీలు ఏమీ చెప్పవు. దేంతో ఏం చేశారో రాయండి: మాయాలో క్యారెక్టర్ యానిమేషన్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రీల్ కూర్పు. అడిగిన ఉద్యోగాన్ని బట్టి వరస మారాలి. టూడీ స్టూడియో టూన్ బూమ్ హార్మొనీ అడిగితే, అది వచ్చినవాళ్లు దాన్నే పైన పెట్టాలి. ఒక్కసారి తెరిచి చూసినవాటిని వదిలేయడమే క్షేమం. చాలా స్టూడియోలు ఇంటర్వ్యూకు ముందో తర్వాతో టెస్ట్ పెడతాయి, వచ్చో రాదో అక్కడ తేలిపోతుంది.

ఇంటర్న్‌షిప్‌లో చేసిన షాట్లతో ఇంకో చిక్కుంది. గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటే, అనుమతి లేనిదే వాటిని రీల్‌లో పెట్టకూడదు. ప్రాజెక్టు పేరు కూడా బయటపెట్టకూడదని ఒప్పందంలో ఉంటే, ‘టీవీ సిరీస్, క్లీనప్ పని’ అని రాసి ఊరుకోవాలి. విడుదల కాని షాట్‌ను చూపించినవారు రేపు తమ షాట్లనూ అలాగే చూపిస్తారని కొత్త స్టూడియో అనుకుంటుంది.

మిగిలింది పంపడం. రెజ్యూమె ఒక్క పేజీ, పీడీఎఫ్‌లో. పైన పేరు, అడుగుతున్న ఉద్యోగం, ఫోను, మెయిలు, రీల్ లింకు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, కింద డిక్లరేషన్ అక్కర్లేదు. మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు: ఏ ఉద్యోగానికి, ఏ షాట్ చూడమంటారు, ఎప్పటినుంచి చేరగలరు, రీల్ ఎక్కడుంది. లింకుకు పాస్‌వర్డ్ ఉంటే పక్కనే రాయాలి. పంపేముందు మీ అకౌంట్‌లోంచి బయటికొచ్చి, మరో ఫోన్‌లో ఆ లింకు తెరిచి చూడండి. మీకు తెరుచుకున్న వీడియో అవతలివారిని అనుమతి అడుగుతూ నిలబడిపోతే, చాలామంది ఆ అనుమతి కోరరు, తర్వాతి దరఖాస్తుకు వెళ్లిపోతారు.