స్లైడ్ల నుంచి పదకోశం

బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాదిలో శ్వాసక్రియ పాఠానికి ఎనభై స్లైడ్ల పీపీటీ ఉందనుకుందాం. కనిపించిన ప్రతి మాటకూ పక్కనున్న వాక్యాన్ని దించుకుంటూ పోతే ఆ పీపీటీకే మరో నకలు తయారవుతుంది. ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, పక్క మాటకూ దానికీ తేడా ఏమిటో చెప్పగలిగినదే పదకోశం.

మొదటి విడతలో అర్థాల జోలికి పోకుండా, తెలియని మాటనూ స్లైడ్ నంబరునూ మాత్రమే రాసుకోవాలి. ఒకే సంగతి ఒక స్లైడులో డిస్ప్నియా అనీ, మరో దాంట్లో షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్ అనీ, ఇంకోచోట ఎస్‌ఓబీ అనీ ఉంటుంది. మూడింటికీ ఎంట్రీ ఒక్కటే చాలు.

రెండో విడతలో చుట్టరికం ఉన్న మాటలను ఒకచోట చేర్చాలి. ఆప్నియా అంటే ఊపిరి ఆగడం, టాకిప్నియా వేగంగా ఆడడం, బ్రాడిప్నియా నెమ్మదించడం, ఆర్థాప్నియా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటే తగ్గడం. టాకి, బ్రాడి అనే ముక్కలు పట్టుబడితే గుండె పాఠంలో టాకికార్డియా, బ్రాడికార్డియా కొత్తగా అనిపించవు. అంకె ఉన్నచోట అది ఎవరిదో కూడా రాయాలి. పెద్దవాళ్లలో శ్వాస నిమిషానికి 20 దాటితే టాకిప్నియా. అప్పుడే పుట్టిన బిడ్డకు మాత్రం 30 నుంచి 60 వరకూ మామూలే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది నిర్వచనం దగ్గర. సయనోసిస్ గురించి స్లైడులో ‘హైపాక్సియాకు ఆలస్యంగా కనిపించే లక్షణం’ అని ఉంటుంది. అది ఎప్పుడు కనిపిస్తుందో చెప్పింది కానీ, ఏమిటో చెప్పలేదు. ‘చర్మం, పెదవులు, గోళ్లు నీలం తిరగడం’ అనేది నిర్వచనం. స్లైడులోని వాక్యాన్ని దాని కింద గమనికగా పెట్టాలి. నల్లని చర్మంలో ఈ నీలం సరిగా తెలియదు కనుక నాలుక, పెదవుల లోపలి భాగం చూడాలన్నది రెండో గమనిక.

హైపాక్సీమియా, హైపాక్సియా లాంటి జంటలకు ‘తేడా’ అని ఒక వరస కేటాయించాలి. రక్తంలో ఆక్సిజన్ తగ్గడం మొదటిది, కణజాలానికి చాలినంత అందకపోవడం రెండోది. తీవ్ర రక్తహీనత ఉన్న రోగికి పల్స్ ఆక్సీమీటర్ 98 శాతం చూపించవచ్చు. అయినా ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబినే తక్కువ కాబట్టి కణజాలం హైపాక్సియాలో ఉండే అవకాశం ఉంది. ఈ ఒక్క ఉదాహరణతో రెండు మాటలూ విడిపోతాయి.

పొడి అక్షరాలను పూర్తి రూపంతోనే ఎక్కించాలి. ఎంఎస్ అంటే మార్ఫిన్ సల్ఫేట్ కావచ్చు, మెగ్నీషియం సల్ఫేట్ కావచ్చు. అందుకే అమెరికాలోని జాయింట్ కమిషన్ దాన్ని వాడకూడని వాటి జాబితాలో చేర్చింది.

చివరగా, ఒక నిర్వచనంలో పదకోశంలో లేని కఠిన పదం దొర్లితే దాన్ని తేలిక చేయాలి, లేదా దానికీ ఒక ఎంట్రీ ఇవ్వాలి. తర్వాత ఏదో ఒక స్లైడు తెరిచి, పదకోశం తప్ప మరేదీ చూడకుండా దాన్ని సొంత మాటల్లో చెప్పి చూడాలి. ఎక్కడ ఆగితే అక్కడి ఎంట్రీని సరిదిద్దుకోవాలి.