బొమ్మా బొరుసుల్లో పి-విలువ

పి-విలువ ఒక సంభావ్యత. ఏదో ఒక మాట నిజమని ముందుగా అనుకుంటే, చేతికొచ్చిన ఫలితం గానీ అంతకన్నా వింతైన ఫలితం గానీ కేవలం యాదృచ్ఛికంగా రావడానికి ఎంత అవకాశముందో అది చెబుతుంది. డిగ్రీలో కొత్తగా స్టాటిస్టిక్స్ తీసుకున్న విద్యార్థులు ఈ నిర్వచనాన్ని పరీక్షలో తప్పు లేకుండానే రాసేస్తారు. దాని మొదట్లో ఉన్న షరతు మాత్రం పేపరు దిద్దేలోపే మరిచిపోతారు. ఆ షరతు తలకెక్కాలంటే సూత్రాల కన్నా ముందు నాణెం ఎగరేయించడం మేలని చాలామంది అధ్యాపకులు గ్రహించారు.

ఆట ఇలా సాగుతుంది. అధ్యాపకుడు ఒక నాణెం ఎగరేసి, పట్టుకుని, ఎవరికీ చూపించకుండా "బొమ్మ" అని ప్రకటిస్తాడు. మళ్లీ ఎగరేసి మళ్లీ "బొమ్మ" అంటాడు. ఏది పడినా అదే మాట. రెండు మూడుసార్ల వరకు ఎవరూ పట్టించుకోరు. నాలుగోసారికి వెనక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. అయిదో ఆరో అయ్యేసరికి "సార్, నాణెం ఒకసారి చూపించండి" అని ఎవరో ఒకరు అడిగి తీరతారు.

అప్పుడు లెక్క బోర్డు మీదికి వస్తుంది. నాణెం సరైనదే అయితే వరసగా రెండు బొమ్మలు పడే అవకాశం నాలుగింట ఒకటి, అంటే 25 శాతం. మూడు పడటానికి 12.5 శాతం, నాలుగుకు 6.25, అయిదుకు సుమారు 3.1. రోనాల్డ్ ఫిషర్ 1925లో వెలువడిన తన పుస్తకంలో అనుమానానికి అనువైన హద్దుగా ఎంచుకున్నది ఇరవైకి ఒకటి, అంటే 5 శాతం. ఆ పేరైనా వినని విద్యార్థులు కూడా దాదాపు అక్కడికే చేరుకుంటారు. అయినా ఆ హద్దు ప్రకృతి పెట్టింది కాదు, ఫిషర్ సౌకర్యం కోసం పెట్టుకున్నది. 4.9 శాతానికీ 5.1 శాతానికీ మధ్య గోడ ఏమీ లేదు.

విద్యార్థులు తమకు తెలియకుండానే చేసిన ఆలోచనను విడదీసి చూస్తే పద్ధతంతా బయటపడుతుంది. నాణెంలో మోసం లేదని ముందు అనుకున్నారు. దీన్నే శూన్య పరికల్పన అంటారు. అది నిజమైతే ఇలా జరగడం ఎంత అరుదో మనసులో అంచనా వేసుకున్నారు. బాగా అరుదని తోచగానే, మొదట అనుకున్న మాటనే సందేహించారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అధ్యాపకుడు అయిదుసార్లూ "బొరుసు" అని ఉన్నా విద్యార్థులకు అంతే అనుమానం వచ్చేది. కాబట్టి వింత ఫలితాల లెక్కలో అయిదు బొమ్మలతో పాటు అయిదు బొరుసులూ చేరాలి. అప్పుడు పి-విలువ 3.1 కాదు, 6.25 శాతం. ఇలా రెండు వైపులా లెక్కించేటట్లయితే అనుమానం 5 శాతం హద్దు దాటడానికి ఆరోసారి కూడా అదే పడాలి. ఒక వైపు లెక్కా, రెండు వైపుల లెక్కా అన్నది నాణెం ఎగరేయక ముందే తేల్చుకోవాలి. ఫలితం చూశాక వీలైన వైపును ఎంచుకుంటే పి-విలువ సగమవుతుంది గానీ, ఆ అంకెకు అర్థం పోతుంది.

రెండో భాగంలో నాణేలు విద్యార్థుల చేతికి వస్తాయి. అరవై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు తమ జేబులోని రూపాయి నాణేన్ని 20 సార్లు ఎగరేసి, ఎన్ని బొమ్మలు పడ్డాయో రాసుకుంటారు. ఎక్కువమందికి ఎనిమిది నుంచి పన్నెండు మధ్య వస్తాయి. ఒకరికి 15 వచ్చాయనుకుందాం. ఖచ్చితంగా 15 బొమ్మలు పడే అవకాశం 1.5 శాతమే. ఆ అంకెనే పి-విలువగా తీసుకోకూడదా అని తరగతిలో తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది. తీసుకోకూడదు. ఎందుకంటే నాణేన్ని వెయ్యిసార్లు ఎగరేస్తే సరిగ్గా 500 బొమ్మలు పడే అవకాశం కూడా 2.5 శాతమే, అంతకన్నా మామూలు ఫలితం మరొకటి లేకపోయినా సరే. ఎగరేసే కొద్దీ ఏ ఒక్క అంకెకైనా సంభావ్యత చిన్నదవుతూనే ఉంటుంది. అందుకే "15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ" అని కలిపి లెక్కిస్తారు. అది 2.07 శాతం. అవతలి కొసన అయిదూ అంతకన్నా తక్కువ బొమ్మలు పడే అవకాశం కూడా అంతే. రెండూ కలిపితే పి-విలువ 4.1 శాతం. 14 బొమ్మలే పడి ఉంటే అది 11.5 శాతం అయ్యేది.

4.1 శాతం అని బోర్డు మీద చూడగానే, ఆ నాణెం సరైనదై ఉండటానికి నాలుగు శాతమే అవకాశముందని చాలామంది అనేస్తారు. పి-విలువ విషయంలో అన్నిటికన్నా మొండి పొరపాటు ఇదే. పరికల్పన నిజమయ్యే సంభావ్యతను పి-విలువ చెప్పదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటనే చేయాల్సి వచ్చింది. ఆ ప్రకటన చదివించడం కన్నా తరగతిలోని అరవై ఫలితాలు చూపిస్తే విషయం త్వరగా అర్థమవుతుంది. నాణేలన్నీ మామూలువే అయినా, అరవై మందిలో సగటున ఇద్దరు ముగ్గురికి 15 లేదా అంతకన్నా ఎక్కువ గానీ, అయిదు లేదా అంతకన్నా తక్కువ గానీ వస్తాయి. వాళ్ల నాణేల్లో ఏ లోపమూ లేదు. అదే నాణేన్ని వాళ్లచేత మరో 20 సార్లు ఎగరేయిస్తే చాలావరకు పదికి అటూ ఇటూ వచ్చేస్తుంది. 4.1 శాతమన్నది సరైన నాణేలు ఎంత తరచుగా ఇలా కనబడతాయో చెప్పే అంకె. ఇలా కనబడ్డ నాణేల్లో ఎన్ని సరైనవో తెలియాలంటే, జేబుల్లో దొంగ నాణేలు ఏపాటి ఉన్నాయో ముందే తెలియాలి. పి-విలువ లెక్కలో ఆ సమాచారమే లేదు.

తిరగేసి చూసినా అంతే. పి-విలువ పెద్దదైతే నాణెం సరైనదని రుజువైనట్టు కాదు. నూటికి 60 బొమ్మలు పడే నాణెం ఒకటి ఉందనుకుంటే, 20 సార్లు ఎగరేసినప్పుడు దాని దొంగతనం 5 శాతం హద్దులో దొరికే అవకాశం సుమారు 13 శాతమే. దానికి 12 బొమ్మలు పడితే పి-విలువ 50 శాతం, ఎవరికీ ఏ అనుమానమూ రాదు. అదే నాణేన్ని 200 సార్లు ఎగరేసి 120 బొమ్మలు పడితే పి-విలువ 0.6 శాతానికి దిగిపోతుంది. నాణెం మారలేదు, ఎగరేసిన లెక్క మారింది.

అందువల్లే పి-విలువను బట్టి తేడా ఎంత పెద్దదో చెప్పలేము. 20 సార్లలో 15 బొమ్మలు పడితే 4.1 శాతం వస్తుంది. పదివేల సార్లలో 5,100 పడితే వచ్చేది దాదాపు అంతే, 4.7 శాతం. మొదటి నాణేనికి నూటికి 75 బొమ్మలు పడ్డాయి, రెండోదానికి 51. పందెం కాసేవాడికి ఈ రెండు నాణేలూ ఒకటి కావు. కాబట్టి పి-విలువ పక్కన ఎన్నిసార్లు ఎగరేశారో, ఎన్ని బొమ్మలు పడ్డాయో కూడా రాయాలి.