ధాన్యం, వేరుశనగ, అపరాల నిల్వలో తేమ పరిమితులు – బుచ్చయ్యపేట మండల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:
నిల్వ చేసే ముందు వరి ధాన్యాన్ని 14 శాతానికి, వేరుశనగ కాయలను 8 శాతానికి, అపరాలను 10 శాతానికి ఆరబెట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచిస్తారు. ఒక్కొక్క పంటకు ఒక్కొక్క అంకె ఎందుకు ఉందో వివరించి, ఆ అంకెను కళ్ళంలోనే గుర్తించే మార్గాలను, వాటి పరిమితులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తేమ శాతం, బూజు, అఫ్లటాక్సిన్, కళ్ళం, నిల్వ.

1. ఉపోద్ఘాతం:
చోడవరం ప్రాంతంలోని బుచ్చయ్యపేట మండలం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఈ తీరప్రాంతంలో ఖరీఫ్ పంట చేతికి వచ్చే కాలమూ, బంగాళాఖాతంలో తుపానులు లేచే కాలమూ ఒకటే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఇందుకు తెలిసిన ఉదాహరణ. తుపాను రాకపోయినా ఆ నెలల్లో గాలి తడిగానే ఉంటుంది. కాబట్టి ఇక్కడి రైతుకు ఎండబెట్టడం కేవలం ఎండతో ముడిపడిన పని కాదు, గాలితో కూడా ముడిపడిన పని.

2. అంకెల వెనుక ఉన్న సూత్రం:
బూజుకు గింజలోని మొత్తం నీటితో పని లేదు. గింజల మధ్య సందుల్లో ఉన్న గాలి ఎంత తడిగా ఉందన్నదే దానికి ముఖ్యం. మూసిన బస్తాలో గింజ తన తేమను కొంత ఆ గాలికి ఇస్తుంది, లేదా దాని నుండి తీసుకుంటుంది. కొంతసేపటికి రెండూ సమతుల్యానికి వస్తాయి. అప్పుడు ఆ గాలి తేమ 70 శాతం లోపు ఉంటే నిల్వలో బూజులు దాదాపు పెరగలేవు. అఫ్లటాక్సిన్‌ను తయారుచేసే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రానికి ఇంకా ఎక్కువ, సుమారు 80 శాతానికి పైబడిన తేమ కావాలి. అయినా 70 వద్దనే ఆగడం మంచిది. ఎందుకంటే తక్కువ తేమలో ముందుగా మొలిచే ఇతర బూజులు తమ శ్వాసక్రియతో వేడిని, నీటిని విడుదల చేసి, ఈ శిలీంధ్రానికి చోటు సిద్ధం చేస్తాయి.

గాలి తేమ 70 శాతం ఉన్నప్పుడు వరి ధాన్యం సుమారు 14 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. వేరుశనగ పప్పు ఏడు శాతమే పట్టి ఉంచుతుంది. కారణం నూనె. వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనె, నూనె నీటిని పట్టుకోదు. ఆ నీరంతా మిగిలిన సగంలోనే ఉండాలి కనుక అంకె కూడా సగమవుతుంది. అందుచేత ధాన్యానికి నిక్షేపంగా సరిపోయే 14 శాతం తేమ వేరుశనగకు ప్రమాదకరం. రెండింటినీ ఒకే రీతిగా ఆరబెట్టి ఒకేసారి గదిలో వేసే అలవాటులో ఉన్న పొరపాటు ఇదే.

పెసలు, మినుముల విషయం వేరు. బూజు ఒక్కటే సమస్య అయితే వాటికి 13 శాతం కూడా సరిపోతుంది. అయితే పుచ్చు పురుగు చేనులోనే కాయల మీద గుడ్లు పెట్టి, గింజలతో పాటు ఇంటికి చేరుతుంది. పురుగులు పెరిగినచోట వేడి, తేమ పుట్టి గింజలు ముద్దకట్టి బూజుపడతాయి. పురుగు వృద్ధిని మందగింపజేయడానికే అపరాలను 10 శాతానికి దించుతారు.

3. ఒక బస్తా లెక్క:
20 శాతం తేమ ఉన్న 75 కిలోల ధాన్యం బస్తాను తీసుకొందాం. అందులో నీరు 15 కిలోలు, పొడి పదార్థం 60 కిలోలు. ఎంత ఆరబెట్టినా ఈ 60 కిలోలు మారవు. 17 శాతానికి ఆరినప్పుడు బస్తా బరువు 60ని 0.83తో భాగించగా వచ్చే 72.3 కిలోలు. 14 శాతానికి ఆరినప్పుడు 60ని 0.86తో భాగించగా 69.8 కిలోలు.

ఈ రెండు బరువుల మధ్య ఉన్న రెండున్నర కిలోలలోనే రైతు చిక్కు ఉంది. ప్రభుత్వ ధాన్యసేకరణలో 17 శాతం వరకు తేమను అంగీకరిస్తారు. అంతకు మించి ఆరబెడితే తగ్గిన బరువుకు ధర రాదు. కాబట్టి అమ్మే ధాన్యం 17 వద్ద ఆగడం సహజం. కానీ ఆ అంకె కొనుగోలుకు పెట్టిన హద్దు మాత్రమే, నెలల తరబడి నిల్వకు పెట్టిన హద్దు కాదు. తిండికి ఉంచుకొనే బస్తాలను అదే పరదా మీద మరికొంత కాలం ఉంచి 14కు, విత్తనాన్ని 12కు దించాలి.

ఈ లెక్కనే కొలమానంగా కూడా వాడవచ్చు. మొదట తేమ మాపకంతో ఒక్కసారి కొలిపించి, అదే ధాన్యం నుండి పది కిలోలు పలుచని గుడ్డసంచిలో తూచి, పరదా మీద మిగతా ధాన్యంతో సమానమైన మందంలో విడిగా పరచాలి. మొదటి తేమ 20 శాతమైతే ఆ పది కిలోలు 9.3 కిలోలకు తగ్గిననాడు 14 శాతం చేరినట్లు.

4. ఆరబెట్టే విధానం:
ధాన్యాన్ని రెండు నుండి నాలుగు సెంటీమీటర్ల మందంలో పరచి, అరగంటకొకసారి తిరగవేయాలి. మందంగా పరిస్తే పైపొర ఎండిపోయి, అడుగుపొర తడిగా మిగులుతుంది. తిరగవేయకుండా మండుటెండలో వదిలితే గింజ లోపల పగుళ్ళు ఏర్పడి, మరపట్టినప్పుడు నూక ఎక్కువవుతుంది. విత్తన ధాన్యం వేడి 42 డిగ్రీలు దాటితే మొలకశక్తి దెబ్బతింటుంది.

సాయంత్రం కుప్పచేసి కప్పడం తప్పనిసరి. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ గాలి తేమ శాతం పెరుగుతుంది. రాత్రి 90 శాతం తేమ ఉన్న గాలికి వదిలిన ధాన్యం పగలు కోల్పోయిన నీటిలో కొంత తిరిగి తీసుకొంటుంది.

వేరుశనగలో తొందర ఎక్కువ. పీకిన కాయలో 35 నుండి 50 శాతం వరకు నీరుంటుంది. ఈ స్థాయి నుండి పది శాతానికి దిగేలోగా గడిచే రోజులే శిలీంధ్రానికి అనువైన రోజులు. మొక్కలను తిరగేసి, కాయలు పైకి ఉండేలా వరుసల్లో రెండు మూడు రోజులు ఉంచి, కాయలు కోసి పలుచగా ఆరబెట్టాలి. పచ్చి మొక్కలను కుప్పవేస్తే లోపల ఆవిరి పట్టి బూజు మొదలవుతుంది. ఆడించినప్పుడు కాయ గలగలలాడటం, పప్పును నలిపితే పొర ఊడిరావడం ఆరినదానికి గుర్తులు.

5. ఉప్పు పరీక్ష, దాని హద్దు:
మాపకం లేనిచోట పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూతపెట్టి కొన్ని నిమిషాలు ఆడిస్తారు. ఉప్పు సీసా గోడలకు అంటుకొంటే గింజ తడిగా ఉన్నట్లు. శుద్ధమైన ఉప్పు గాలి తేమ 75 శాతం దాటినప్పుడు నీరు పీల్చుకొంటుంది. కనుక ఈ పరీక్ష కొలిచేది గింజల మధ్య గాలినే. కల్లుప్పు ఇందుకు పనికిరాదు. అందులోని మెగ్నీషియం లవణాలు ఇంకా తక్కువ తేమకే చెమరుస్తాయి.

ఉప్పు అంటుకొంటే నిల్వ చేయరాదన్నది నిశ్చయం. అంటుకోకపోతే మాత్రం 75 లోపు ఉందని తెలుస్తుందే గాని, 70 లోపు ఉందని తెలియదు. మరొక పూట ఎండ అవసరమే. మాపకానికీ ఇలాంటి హద్దు ఉంది. ఎండ నుండి తీసిన వేడి గింజను చల్లారనివ్వకుండా కొలిస్తే అంకె తప్పవచ్చు. 11 శాతం, 17 శాతం గింజలు కలిసిన బస్తా కూడా సగటున 14 చూపుతుంది. బూజు మాత్రం ఆ 17 ఉన్న మూలలోనే మొదలవుతుంది. అందుకే పలుచోట్ల నుండి నమూనా తీసి విడివిడిగా చూడాలి.

6. ముగింపు:
ఎండబెట్టడం విషాన్ని పుట్టకుండా ఆపగలదు, పుట్టినదాన్ని తీసివేయలేదు. చివరిదశలో బెట్టకు గురైన వేరుశనగలో అఫ్లటాక్సిన్ చేనులోనే చేరుతుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. నూనె ఆడినప్పుడు ఎక్కువ భాగం చెక్కలో మిగిలి, ఆ చెక్క తిన్న పశువు పాలలోకి మరో రూపంలో వస్తుంది. అందువల్ల ముడుతలు పడిన, పగిలిన, రంగు మారిన కాయలను ముందే ఏరివేయాలి. వాటిని పశువులకూ పెట్టరాదు. ఆ ఏరివేత తరువాత మిగిలిన మంచి కాయను కాపాడేది, ఆ పంటకు తగిన అంకె వరకు ఆరబెట్టడమే.