మేడ ఎందుకు బొమ్మైంది?

బ్రోచర్‌లో బిల్డింగ్ కొండంత కనిపించాలని డబ్బు పోస్తాం. తీరా ఫొటో వచ్చాక అది అరచేతిలో పట్టే బొమ్మలా ఉంటుంది. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, ఫొటో ఎలా ఉండాలో చెబుతూ మనం రాసిన ఒక్క మాటది.

మొన్నామధ్య ఒక అపార్ట్‌మెంట్ బ్రోచర్ నా చేతికొచ్చింది. ముఖచిత్రం మీద పదమూడంతస్తుల మేడ. మధ్య అంతస్తులు అద్దంలా మెరుస్తున్నాయి. కింద గేటు మసక, పైన పిట్టగోడ మసక, వెనక వీధి మరీ మసక. పక్కనే కూర్చున్న మా పిల్లాడు తొంగి చూసి "ఈ బొమ్మ ఎక్కడ కొన్నారు?" అనేశాడు. ఆ ఫొటో తీయించినవాళ్లు ఆర్డర్ కాగితంలో రాసింది ఒకటే వాక్యం: "బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ బాగా రావాలి, డీఎస్‌ఎల్‌ఆర్ లుక్ ఉండాలి."

పెళ్లిఫొటోకు ఆ మాట చెల్లుతుంది. మేడకు చెల్లదు. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి.

9 మిల్లీమీటర్ల కథ

మేడ ఎత్తు 40 మీటర్లు అనుకుందాం. 60 మీటర్ల దూరంలో ఎదుటి డాబా మీద నిలబడి, అందరి దగ్గరా ఉండే 50 ఎం.ఎం. లెన్సును f/1.8కి తెరిచి తీస్తున్నాం. లెన్సులో వెలుగు దూరే రంధ్రం వ్యాసం సుమారు 28 మిల్లీమీటర్లు. ఫోకస్ మేడ మీద ఉంది. మేడకు 30 మీటర్ల వెనక నీళ్ల ట్యాంకు ఒకటి ఉంది.

ఫోకస్‌లో లేని ఆ ట్యాంకు మీది ఒక్కో చుక్కా చిన్న వలయంగా పరుచుకుంటుంది. మేడ గోడ దగ్గర కొలిస్తే ఆ వలయం 9 మిల్లీమీటర్లు. 40 మీటర్ల మేడ ముందు 9 మిల్లీమీటర్లు ఏపాటి? ఫొటోలో మేడ 4,000 పిక్సెళ్ల ఎత్తుంటే, ఆ మసక ఒక్క పిక్సెల్ కూడా నిండదు. లెన్సు పూర్తిగా తెరిచినా ట్యాంకు స్పష్టంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అదే మేడకు నూరో వంతు నమూనా చేయించి బల్ల మీద పెడదాం. ఎత్తు 40 సెంటీమీటర్లు. కెమెరా 60 సెంటీమీటర్ల దూరంలో, ట్యాంకు బొమ్మ 30 సెంటీమీటర్ల వెనక. లెన్సు మాత్రం అదే, రంధ్రం అదే 28 మిల్లీమీటర్లు. మసక వలయం కూడా అదే 9 మిల్లీమీటర్లు. కానీ ఈసారి అది 40 సెంటీమీటర్ల బొమ్మ ముందు పడింది. ఫొటోలో 90 పిక్సెళ్లకు పైగా ఆక్రమిస్తుంది. ట్యాంకు ఆనవాలు పట్టలేం.

అన్నీ నూరో వంతుకు తగ్గాయి, లెన్సు రంధ్రం ఒక్కటే తగ్గలేదు. కిటుకంతా అక్కడే ఉంది. మన కంటిపాపదీ అదే తీరు. దగ్గరగా పెట్టుకున్న చిన్న వస్తువు చుట్టూ మసక ఉంటుందని, దూరాన ఉన్న పెద్ద వస్తువు చుట్టూ ఉండదని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. అందుకే ఫొటోలో మేడ చుట్టూ దట్టమైన మసక కనపడగానే మెదడు దాన్ని బల్ల మీదికి దించేస్తుంది. నిజమైన మేడకు ఆ పాటి మసక రావాలంటే 2.8 మీటర్ల రంధ్రం ఉన్న లెన్సు కావాలి.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ హెల్డ్, మార్టిన్ బ్యాంక్స్ బృందం 2010లో దీని మీదే పరిశోధన పత్రం ప్రచురించింది. మసకను బట్టి మనం దూరాన్నీ పరిమాణాన్నీ ఎలా అంచనా వేస్తామో అందులో చూపింది. ఇటలీ ఫొటోగ్రాఫర్ ఒలివో బార్బియేరి అంతకుముందే హెలికాప్టర్ నుంచి నగరాలను కావాలనే బొమ్మల్లా తీశాడు. మన 'మాయాబజార్' (1957)లో బొమ్మ ఇళ్లను పేర్చి ద్వారకను నిజం నగరంలా నమ్మించారు. బార్బియేరిది సరిగ్గా తిరుగు దారి.

'టిల్ట్-షిఫ్ట్' అనే తిరకాసు

"టిల్ట్-షిఫ్ట్ లెన్సుతో తీయండి" అని రాసేవాళ్లున్నారు. భవనాల ఫొటోగ్రాఫర్లు వాడేది అదే కాబట్టి మాట సరైనదే అనిపిస్తుంది. ఆ లెన్సులో రెండు కదలికలుంటాయి. షిఫ్ట్ అంటే లెన్సును పైకీ కిందికీ జరపడం. దీంతో కెమెరాను పైకెత్తకుండానే మేడ కొస అందుతుంది, గోడలు వెనక్కి వాలిపోవు. టిల్ట్ అంటే లెన్సును వంచడం. దీంతో ఫోకస్ తలమే వాలుతుంది. తప్పువైపు వంచితే ఒక అడ్డపట్టీ స్పష్టంగా మిగిలి, పైనా కిందా మసకబారుతుంది.

భవనానికి ఎక్కువగా పనికొచ్చేది షిఫ్ట్. జనంలో పేరు పడింది మాత్రం టిల్ట్ చేసే బొమ్మ మాయ. మాటలు టైప్ చేస్తే చిత్రం గీసే సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నదీ జనం రాసిన శీర్షికల నుంచే. వాటికి `tilt-shift` అని రాస్తే చాలావరకు బొమ్మ మేడే వస్తుంది. `no miniature` అని రాసినా నమ్మకం లేదు. 'వద్దు' జారిపోయి 'బొమ్మ' మిగిలిపోవచ్చు. అందుకే వద్దన్నది కాక, కావలసింది రాయాలి.

ఏం రాయాలి?

మసక గురించి కాకుండా మూడు సంగతులు రాస్తే చాలు: కెమెరా ఎక్కడ నిలబడాలి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా ఉండాలి, నిలువు గీతలు ఎలా ఉండాలి. ఫొటోగ్రాఫర్‌కిచ్చే కాగితంలో ఇలా:

*"రోడ్డు అవతలి ఫుట్‌పాత్ మీద, మనిషి కంటి ఎత్తులో కెమెరా. గేటు నుంచి వెనక ట్యాంకు దాకా అంతా స్పష్టంగా ఉండాలి. గోడలు నిలువుగా నిలవాలి. 24 ఎం.ఎం., f/8. షిఫ్ట్ వాడండి, టిల్ట్ సున్నా."*

ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎం.ఎం. లెన్సును f/8కి పెట్టి రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, సుమారు మీటరుంబావు నుంచి ఆకాశం దాకా అంతా స్పష్టమే. ఇంకా భద్రమని f/22కి మూస్తే వెలుగు సన్నటి రంధ్రం అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు టైప్ చేసేదీ ఇదే ధోరణిలో ఉండాలి:

```
thirteen-storey apartment building seen from
the pavement across the street, eye level,
24mm, f/8, sharp from gate to skyline,
straight verticals, light haze in the distance
```

చివరి మాట చూడండి. దూరం తెలియాలంటే మసక బదులు పలుచని మంచుతెర అడగాలి. నిజమైన వీధిలో దూరపు మేడలు గాలిలోని దుమ్ము, తేమ వల్ల పాలిపోతాయి. బల్ల మీది బొమ్మల మధ్య అంత గాలి ఉండదు. అందుకే ఆ తెర పెద్దతనానికి సాక్ష్యం చెబుతుంది.

త్రీడీలో మేడ గీసేవాళ్లకు చిక్కు ఇంకోచోట వస్తుంది. బ్లెండర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగ్ తెచ్చేటప్పుడు కొలతలు తప్పి 40 మీటర్ల మేడ 40 సెంటీమీటర్లుగా దిగుతుంది. తెర మీద తేడా తెలియదు. `Depth of Field` గడి టిక్ చేయగానే సాఫ్ట్‌వేర్ నిజాయతీగా బల్ల మీది బొమ్మనే తీసిపెడుతుంది. ముందు తలుపు ఎత్తు కొలవండి. రెండు మీటర్లకు కాస్త అటూఇటూ ఉండాలి.

ఎలా పట్టుకోవాలి?

ఫొటో చేతికి రాగానే మేడ కింది మెట్టునూ, మధ్య అంతస్తునూ, అదే గోడ పై అంచునూ చూడండి. దూరం నుంచి తీసిన ఫొటోలో మూడూ ఒకేలా స్పష్టంగా ఉండాలి. ఒకటి మెరిసి ఇంకొకటి మసకబారితే, ఆ మసక లెన్సు సహజంగా ఇచ్చింది కాదు. టిల్ట్ చేసి ఉంటారు, లేదా తర్వాత కంప్యూటర్‌లో పులిమి ఉంటారు.

మసక పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. కెమెరాకు మీటరు దూరంలో వేలాడే వేపరెమ్మ మసకబారితే అది నిజమే. బాల్కనీలో టీ తాగే మనిషి మీద ఫోకస్ పెడితే ఎదుటి మేడ మొత్తం మసకబారినా నిజమే. ఒకే మేడలో సగం స్పష్టం, సగం మసక అయితేనే అది బల్లమీదికి దిగుతుంది.

నా దగ్గరున్న బ్రోచర్‌ను ఆ కన్నుతో మళ్లీ చూశాను. గేటూ, పిట్టగోడా ఒకే గోడకు రెండు కొసలు. రెండూ మసకే, మధ్యలో ఏడో అంతస్తు బట్టల దండెం మీది క్లిప్పులు కూడా లెక్కపెట్టొచ్చు. మా పిల్లాడు అడిగింది సరైన ప్రశ్నే.