పాపిటలో తెల్ల గీత

విజయవాడలో 47 ఏళ్ల టీచరు ఒకావిడను ఊహించుకుందాం. జుట్టు భుజాల కిందికి, 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆరు వారాలకోసారి డార్క్ బ్రౌన్ డబ్బా తెచ్చుకుని కుదుళ్ల నుంచి కొసల దాకా తలంతా పట్టిస్తారు. ఏళ్లుగా అదే డబ్బా, అదే రంగు. కానీ ఎండలో నిలబడితే తల మూడు రంగుల్లో కనిపిస్తుంది. పాపిట దగ్గర ఎర్రగోధుమ, మధ్యలో ముదురు గోధుమ, కొసల్లో బొగ్గు నలుపు. రంగు మంచిది కాదేమోనని ఆవిడ అనుమానం. లోపం రంగులో లేదు, వేసే తీరులో ఉంది.

జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన ఆరు వారాల్లో కొత్తగా వచ్చేది 1.5 సెంటీమీటర్లే. మిగతా 28.5 సెంటీమీటర్లు ఇదివరకే రంగు పడ్డ జుట్టు. కొసల వయసు దాదాపు 30 నెలలు. ఆరు వారాలకోసారి అంటే ఆ కొసలకు ఇప్పటికి ఇరవైసార్లు రంగు పడింది! ప్రతిసారీ మరో పొర చేరి, అవి నల్లబడి, పీచులా తయారయ్యాయి.

రెండు రకాల రంగులు వెంట్రుక మీద ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఏది ఎక్కడ వాడాలో తేలిపోతుంది. సెమీ పర్మనెంట్‌లో రంగు ముందే తయారై ఉంటుంది. అది వెంట్రుక పైపొరకూ, దాని కింద కాస్త లోపలికీ అంటుకుంటుంది. అందుకే తలస్నానం చేసినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంది. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు స్నానాల దాకా నిలుస్తుంది. ఉన్న రంగును ఇది తేలిక చేయలేదు. తెల్ల వెంట్రుకను పూర్తిగా కప్పడం కూడా దీనికి కష్టమే, లేత రంగు పూత పూసినట్టు ఉంటుంది. అక్కడక్కడా నాలుగు తెల్ల వెంట్రుకలున్నవారికి అదే అందం. అవి నల్ల జుట్టు మధ్య మెరుగుల్లా కలిసిపోతాయి. పైగా మెల్లగా పలచబడుతుంది కాబట్టి పాపిటలో గీత కొట్టొచ్చినట్టు కనబడదు.

పర్మనెంట్ రంగు కథ వేరు. ట్యూబులోని క్రీములో అమ్మోనియా లాంటి క్షారం వెంట్రుక పైపొలుసులను ఉబ్బించి తెరుస్తుంది. సీసాలోని డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, క్రీములోని రంగులేని చిన్న అణువులను వెంట్రుక లోపల కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. పెద్దవయ్యాక అవి సులువుగా బయటికి రాలేవు. గిన్నెలో కలిపిన తెల్లటి క్రీము కళ్ల ముందే గోధుమ రంగుకు తిరిగి నల్లబడటం ఈ రసాయన చర్యే. అందుకే కలిపాక మిగిలింది దాచుకోవడానికి పనికిరాదు. తల సగానికి పైగా నెరిసినవారికి సరిపడేది ఇదే.

దుకాణంలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా? రెండు భాగాలు కలిపి వాడాలంటే, దాని మీద సెమీ అన్న మాట లేకపోతే, అది దాదాపు పర్మనెంటే. షాంపూలా రుద్దుకునే ప్యాకెట్లు కూడా ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. అమ్మోనియా లేదని రాసినంత మాత్రాన సెమీ అయిపోదు, దాని బదులు వేరే క్షారం ఉంటుంది. నీళ్లలో కలిపే నల్ల పొడుల్లోనూ, ‘నల్ల హెన్నా’ పేరుతో అమ్మే వాటిలోనూ పీపీడీ అనే రసాయనం తరచుగా ఉంటుంది. ఆకు గోరింటాకు ఒక్కటే నలుపునివ్వదు, ఎర్రగా పండుతుంది. పీపీడీ పడనివారికి దురద, కనురెప్పల వాపు, తల మీద నీటి పొక్కులు వస్తాయి. ఏళ్లుగా వాడుతున్నవారికి కూడా ఉన్నట్టుండి రావచ్చు. కాబట్టి డబ్బాలోని సూచనల ప్రకారం, రంగు వేసుకునే 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి చూడాలి. ఏ కాస్త మంట, దురద వచ్చినా ఆ డబ్బా పక్కన పెట్టేయాలి.

ఇక టీచరు గారి తలకు వద్దాం. ఆవిడకు పాపిటలోనూ, కణతల దగ్గరా నెరుపు ఎక్కువ. అక్కడ పర్మనెంట్ కావాలి, కానీ కొత్తగా పెరిగిన 1.5 సెంటీమీటర్లకే కావాలి. ముందురోజు షాంపూతో తలస్నానం చేసి నూనె పెట్టకుండా వదిలేయాలి. నూనె పట్టించిన తలకు రంగు సరిగా అంటదు. మరునాడు పొడి జుట్టును నుదుటి నుంచి మెడ దాకా ఒక గీత, చెవి నుంచి చెవికి మరో గీత తీసి నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టాలి. నుదుటి అంచుకూ చెవులకూ వాజలీన్ రాస్తే చర్మానికి మరక అంటదు. డబ్బాలో రెండూ సమానంగా కలపమని ఉంటే, ఇంత చిన్న పనికి చెరి సగం చాలు. గిన్నె, బ్రష్ ప్లాస్టిక్‌వి వాడాలి. చేతులకు తొడుగులు తప్పవు.

మొదలుపెట్టాల్సింది కణతల దగ్గర, నుదుటి అంచున. ఆ వెంట్రుకలు మొండివి, రంగు ఆలస్యంగా పడుతుంది కనుక ఎక్కువసేపు నానాలి. దువ్వెన తోకతో అర సెంటీమీటరు మందాన పాయ తీసి, దాని రెండు వైపులా తెల్లటి భాగం కనబడకుండా నిండుగా పూయాలి. పాత రంగు మొదలైన చోట బ్రష్ ఆగిపోవాలి. చాలామంది తప్పేది ఇక్కడే. పాయలు మందంగా తీస్తే లోపలి వెంట్రుకలు తెల్లగా మిగులుతాయి, బ్రష్‌ను కిందికి జారిస్తే నల్లటి పట్టీ ఏర్పడుతుంది. నాలుగు భాగాలూ పూర్తయ్యాక, ఇందాక నిలువుగా తీసిన పాయలను ఈసారి అడ్డంగా విడదీసి చూడాలి. తప్పిపోయినవి అప్పుడే బయటపడతాయి. వెనక భాగానికి రెండు అద్దాలు కావాలి, లేదా ఇంట్లో ఎవరినైనా పిలవాలి.

సమయం లెక్క పూత పూర్తయిన క్షణం నుంచి. డబ్బా మీద 30 నిమిషాలని ఉంటే 30 నిమిషాలే. కడిగాక కణతల దగ్గర ఇంకా తెల్లగా ఉంటే అక్కడ పూత పలచగా పడిందనో, సమయం చాలలేదనో అర్థం. వచ్చేసారి అక్కడ మందంగా పూయాలి తప్ప తలంతా మళ్లీ పట్టించనక్కర్లేదు. కుదుళ్లు ఎర్రగా మెరుస్తున్నాయంటే కారణం వేరు. తెల్ల వెంట్రుకల మధ్య ఉన్న నల్లవాటిని పెరాక్సైడ్ కాస్త తేలికపరుస్తుంది, మాడు వేడికి ఆ పని త్వరగా జరుగుతుంది. టీచరు గారి పాపిటలో ఎర్రదనం వచ్చింది అలాగే. కుదుళ్లకు ఒక్క మెట్టు ముదురు రంగు వాడితే అది తగ్గుతుంది.

మరి మధ్య భాగం సంగతి? అది వెలిసినట్టనిపిస్తే ఆవిడ అక్కడ సెమీ పర్మనెంట్ వాడొచ్చు. కుదుళ్లు కడిగేశాక, తడి ఆరిన జుట్టుకు అదే ఛాయలో పలచగా పట్టించి, డబ్బా చెప్పినంత సేపు ఉంచి కడిగేస్తే మెరుపు వస్తుంది, అదనపు పెరాక్సైడ్ తగలదు. బొగ్గులా మారిన కొసలకు మాత్రం ఇంట్లో మందు లేదు. వేసిన రంగును మరో రంగు తేలిక చేయలేదు. ఇకమీదట కుదుళ్లకే రంగు వేస్తూ, ఆరు వారాలకోసారి 2 సెంటీమీటర్ల చొప్పున కొసలు కత్తిరించుకుంటే నల్ల భాగం క్రమంగా తెగిపోతుంది. పెరిగేది 1.5, తీసేది 2 కాబట్టి జుట్టు పొడవు ఏడాదికి 4 సెంటీమీటర్లు తగ్గుతుంది, జడ కొంచెం పొట్టిదవుతుంది.